రెండు చోట్లా పన్ను సున్నా, కలిపితే లక్ష: భర్త పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షన్ లెక్క

కావలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసే ఒక టీచరమ్మ ఉన్నారనుకుందాం. వయసు 54. భర్త బిట్రగుంట రైల్వేలో చేసి 60 ఏళ్లకు రిటైరయ్యారు, ఆ తర్వాత రెండేళ్లకే చనిపోయారు. ఆమెకు జీతం నెలకు 80,000. భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షన్ కరువు భత్యంతో కలిపి నెలకు 50,000. అంకెలు లెక్కకు వీలుగా గుండుగుత్తగా తీసుకున్నాను గానీ, ఇద్దరూ ఉద్యోగస్తులైన ఇళ్లలో ఇలాంటి కేసులు నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ప్రతి ఊళ్లో కనిపిస్తాయి.

2025-26 ఆర్థిక సంవత్సరం తీసుకోండి. ఫిబ్రవరి జీతం బిల్లుతో పాటు ఐటీ స్టేట్‌మెంట్ ఇవ్వాలి కాబట్టి, టీచర్ల గ్రూపుల్లో తిరిగే ఎక్సెల్ షీట్ తెరిచి ఆవిడ తన జీతం వేసుకుంది. ఏడాదికి 9,60,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 8,85,000. కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది, కట్టాల్సింది సున్నా. జీతం బిల్లు చేసే అధికారి, అంటే డీడీవో, ఒక్క రూపాయి కూడా కోయలేదు. అటు పెన్షన్ వచ్చే బ్యాంకు కూడా ఏమీ కోయలేదు. ఏడాదికి ఆరు లక్షలు నిండుగా ఖాతాలో పడ్డాయి.

జూలైలో రిటర్ను వేయడానికి కూర్చుంటే లక్షా రెండు వేల తొమ్మిది వందల అరవై పన్ను, దాని మీద తొమ్మిది వేలకు పైగా వడ్డీ తేలింది. "ఏందయ్యా ఇది, పన్నెండు లక్షల దాకా పన్నే లేదన్నారు గదా!" అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆమె మాటా నిజమే, పన్నూ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో తెలియాలంటే, భర్త బతికుండగా తీసుకున్న పెన్షన్‌నూ, ఆయన పోయాక భార్యకు వచ్చే పెన్షన్‌నూ చట్టం ఏ గాటన కడుతుందో చూడాలి.

భర్త తీసుకున్న పెన్షన్ ఆయన చేసిన ఉద్యోగానికి ప్రతిఫలం. ఉద్యోగం ముగిసినా, అది ఆనాటి యజమాని ఆనాటి ఉద్యోగికి ఇచ్చే డబ్బే. అందుకే ఆదాయపు పన్ను చట్టం దాన్ని జీతం కిందే లెక్కేస్తుంది. జీతానికి ఉన్న సౌకర్యాలన్నీ దానికీ ఉంటాయి. స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది, పన్ను పడేటట్లయితే బ్యాంకు నెలనెలా కోసుకుంటుంది, ఏడాది చివర ఫారం-16 చేతికిస్తుంది. పెన్షనరు వేరే లెక్కలు చూసుకోవాల్సిన పని పెద్దగా ఉండదు.

భార్య ఆ రైల్వేలో ఉద్యోగి కాదు. ఆమెకూ రైల్వేకూ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం ఏనాడూ లేదు. కాబట్టి ఆమెకు వచ్చేది చట్టం దృష్టిలో జీతం కాదు. దాన్ని 'ఇతర మార్గాల ఆదాయం' అనే పద్దులో వేశారు, అంటే బ్యాంకు వడ్డీ, డివిడెండ్లు ఉండే పద్దులో. ఈ ఒక్క మార్పుతో మూడు మారిపోతాయి. స్టాండర్డ్ డిడక్షన్ రాదు, దాని బదులు ఇంకో చిన్న తగ్గింపు వస్తుంది. జీతం మీద పన్ను కోసే నిబంధన వర్తించదు, అందుకే బ్యాంకు ఏమీ కోయదు, ఫారం-16 కూడా ఇవ్వదు. కోసేవాళ్లు లేరు కాబట్టి ముందుగానే పన్ను లెక్కేసుకుని కట్టే బాధ్యత ఆమె మీదే పడుతుంది. ఈ మూడోది ఎవరూ చెప్పరు, నెత్తిన పడ్డాకే తెలుస్తుంది.

ఆ చిన్న తగ్గింపు సంగతి ముందు చూద్దాం. 1961 చట్టంలో సెక్షన్ 57లోని ఐఐఏ క్లాజు ప్రకారం, ఏడాదిలో వచ్చిన ఫ్యామిలీ పెన్షన్‌లో మూడో వంతు గానీ, ఒక స్థిరమైన మొత్తం గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది తీసేయవచ్చు. పాత విధానంలో ఆ మొత్తం 15,000. 2024 జూలై బడ్జెట్‌లో కొత్త విధానానికి మాత్రం 25,000 చేశారు. మూడో వంతు అని వినగానే చాలామంది ఆశపడతారు గానీ, కొత్త విధానంలో ఏడాదికి 75,000 దాటి పెన్షన్ వచ్చే ఎవరికైనా ఆ మూడో వంతు కాగితం మీద మాటే. మన టీచరమ్మకు మూడో వంతు రెండు లక్షలు, దక్కేది 25,000. భర్త ఉంటే అదే డబ్బుకు 75,000 తగ్గేది. భర్త పోయిన ఇంటికి మినహాయింపు మూడో వంతుకు తగ్గిందన్నమాట. ఇది నాకు న్యాయంగా అనిపించదు, కానీ ఉన్న లెక్క ఇదే.

ఇప్పుడు ఆమె లెక్క పూర్తిగా వేద్దాం. జీతం నుంచి స్టాండర్డ్ డిడక్షన్ పోను 8,85,000. ఫ్యామిలీ పెన్షన్ 6,00,000 నుంచి 25,000 పోను 5,75,000. రెండూ కలిపితే 14,60,000. 2025-26 కొత్త విధానంలో మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. నాలుగు నుంచి ఎనిమిది లక్షల దాకా 5 శాతం అంటే 20,000. ఎనిమిది నుంచి పన్నెండు దాకా 10 శాతం అంటే 40,000. మిగిలిన 2,60,000కు 15 శాతం అంటే 39,000. మొత్తం 99,000, దాని మీద 4 శాతం సెస్సు 3,960. అదీ ఆ 1,02,960.

పన్నెండు లక్షల రిబేటు ఏమైందంటారా? అది మనిషి మొత్తం ఆదాయాన్ని చూసి ఇచ్చేదే తప్ప ఒక్కో ఆదాయానికి విడివిడిగా ఇచ్చేది కాదు. డీడీవోకు కనిపించింది జీతం ఒక్కటే, బ్యాంకుకు కనిపించింది పెన్షన్ ఒక్కటే. విడిగా చూస్తే రెండూ పన్నెండు లక్షల లోపే. రెండూ ఒకే పాన్ నంబరు కింద కలిశాక గీత దాటాయి, దాటగానే రిబేటు మొత్తం ఎగిరిపోయింది. పాత విధానానికి మారితే ఏమైనా కలిసొస్తుందా అంటే, సెక్షన్ 80సీ కింద లక్షన్నర చూపించినా ఈమెకు సెస్సు కాకుండానే 2,16,000 పడుతుంది. ఇంటద్దె అలవెన్సు, ఇంటి లోను వడ్డీ లాంటివి బాగా పెద్ద మొత్తంలో ఉంటే తప్ప అటు చూడాల్సిన పని లేదు.

ఇక ఆ వడ్డీ. కోతలు పోను ఏడాదికి కట్టాల్సిన పన్ను పది వేలు, ఆ పైన ఉంటే అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. జూన్ 15 నాటికి 15 శాతం, సెప్టెంబర్ 15 నాటికి 45 శాతం, డిసెంబర్ 15 నాటికి 75 శాతం, మార్చి 15 నాటికి మొత్తం. వ్యాపార ఆదాయం లేని 60 ఏళ్లు నిండిన వాళ్లకు ఈ బాధ్యత లేదు, కానీ మన టీచరమ్మకు 54. ఒక్క వాయిదా కూడా కట్టలేదు కాబట్టి, వాయిదాలు తప్పినందుకు సెక్షన్ 234సీ కింద దాదాపు 5,200, ఏడాది ముగిశాక కూడా కట్టకుండా ఏప్రిల్ నుంచి జూలై దాకా గడిపినందుకు 234బీ కింద నెలకు ఒక శాతం చొప్పున దాదాపు 4,100. మొత్తం 9,300 పైచిలుకు. ఆమె దాచిందేమీ లేదు, ఎగ్గొట్టిందేమీ లేదు. కోత లేదంటే పన్ను లేదనుకుంది, అంతే.

దీనికి తేలికైన మందు డీడీవో దగ్గరే ఉంది. ఉద్యోగి తనకు ఉన్న ఇతర ఆదాయాన్ని యజమానికి రాసి ఇస్తే, దాన్ని కూడా కలిపి లెక్కేసి జీతంలోంచే పన్ను కోసే వీలు చట్టంలో ఉంది. 1961 చట్టంలో అది సెక్షన్ 192లోని 2బీ సబ్ సెక్షన్. ఏప్రిల్‌లోనే "నాకు నెలకు ఇంత ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది, దీన్ని కూడా కలిపి పన్ను కోయండి" అని సంతకం చేసిన కాగితం ఇస్తే నెలకు 8,580 చొప్పున పోతుంది. ఏడాది మధ్యలో గుర్తొచ్చినా ఫర్వాలేదు. డిసెంబర్ జీతం నుంచి మొదలుపెడితే నాలుగు నెలల పాటు నెలకు 25,740 పడుతుంది. నొప్పిగానే ఉంటుంది గానీ, జీతంలో కోసిన పన్ను అడ్వాన్స్ ట్యాక్స్ లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి వడ్డీ గొడవ ఉండదు. నా లెక్కలో నాలుగు వాయిదాల తేదీలు గుర్తుపెట్టుకోవడం కంటే ఇదే మేలు.

కొందరు టీచర్లు ఈ కాగితం ఇవ్వడానికి వెనకాడతారు. భర్త పెన్షన్ సంగతి స్కూల్లో అందరికీ ఎందుకు తెలియాలి అని. అదీ సబబే. అలాంటప్పుడు ఆదాయపు పన్ను పోర్టల్లో e-Pay Tax లోకి వెళ్లి తామే కట్టుకోవచ్చు. ఏడాది నడుస్తుండగా కడితే అడ్వాన్స్ ట్యాక్స్ అని, ఏడాది ముగిశాక కడితే సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ అని ఎంచుకోవాలి. 2025-26 ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. ఇక్కడ పొరపాటున పక్క సంవత్సరం నొక్కితే కట్టిన డబ్బు ఆ ఏడాది ఖాతాలో కూర్చుంటుంది, రిటర్నులో కనిపించదు, మళ్లీ దాన్ని సరిచేయించుకోవడం ఇంకో తిరుగుడు.

రిటర్ను వేసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. పోర్టల్ ఇప్పుడు చాలావరకు తనే నింపి చూపిస్తుంది. జీతం ఫారం-16 నుంచి వచ్చేస్తుంది, బ్యాంకు వడ్డీ వచ్చేస్తుంది. ఫ్యామిలీ పెన్షన్ మీద కోత లేదు కాబట్టి, మన పాన్ మీద కోసిన పన్నులు చూపించే 26ఏఎస్‌లో దాని జాడ ఉండదు, ముందే నింపిన రిటర్నులోకి దానంతటది రాదు. తెర మీద ఉన్నది సరిచూసి ఓకే కొట్టేస్తే ఆరు లక్షల ఆదాయం చూపించకుండా వదిలేసినట్టవుతుంది. పైగా ఆ తెర మీద 'పన్ను సున్నా' అని కనిపిస్తుంది కాబట్టి అనుమానం కూడా రాదు. పాస్‌బుక్‌లో ఏప్రిల్ నుంచి మార్చి దాకా పెన్షన్ జమలు కూడుకోవాలి, లేదా బ్యాంకు పెన్షన్ సెల్ ఇచ్చే ఏడాది స్టేట్‌మెంట్ తీసుకోవాలి. ఆ మొత్తాన్ని ఐటీఆర్-1లో ఇతర మార్గాల ఆదాయం దగ్గర వచ్చే జాబితాలో ఫ్యామిలీ పెన్షన్ అని ఎంచుకుని వేయాలి. అలా ఎంచుకుంటేనే 25,000 తగ్గింపు వరుస పనిచేస్తుంది. 'ఇతరములు' అని వేసేస్తే తగ్గింపు పోతుంది.

పద్దు ఏదైతేనేం, మొత్తం ఆదాయం అదే కదా అని ఎవరైనా అంటే, ఈ టీచరమ్మ కేసునే ఇంకొంచెం ముందుకు జరిపి చూపిస్తాను. రైల్వేలో, కేంద్ర ప్రభుత్వ శాఖల్లో రిటైరయ్యాక చనిపోయిన వాళ్ల కుటుంబానికి మొదట్లో ఎక్కువ రేటుతో ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, చివరి మూల వేతనంలో సగం దాకా. అది ఏడేళ్లు గానీ, ఆ ఉద్యోగి బతికుంటే 67 ఏళ్లు నిండే నాటి వరకు గానీ, ఏది ముందైతే అంతవరకే. ఆ తర్వాత 30 శాతానికి తగ్గుతుంది. ఈ భర్త 62కు పోయారు కాబట్టి ఆమెకు ఎక్కువ రేటు ఐదేళ్లే. ఆ తర్వాత నెలకు 50,000 కాస్తా 30,000 అవుతుంది. కరువు భత్యం, జీతం, పన్ను రేట్లు అన్నీ ఇప్పటిలాగే ఉన్నాయని అనుకుని లెక్కేద్దాం.

ఏడాదికి పెన్షన్ 3,60,000, 25,000 పోను 3,35,000. జీతం తాలూకు 8,85,000తో కలిపితే 12,20,000. పన్నెండు లక్షల గీత ఇరవై వేలు మాత్రమే దాటింది. మామూలు రేట్లతో అయితే పన్ను 63,000 పడాలి. ఇరవై వేలు ఎక్కువ సంపాదించినందుకు అరవై మూడు వేలు కట్టమనడం బాగుండదని చట్టమే ఒక ఉపశమనం పెట్టింది. దీన్ని మార్జినల్ రిలీఫ్ అంటారు. గీత దాటిన మొత్తానికి మించి పన్ను ఉండదు. అంటే ఆమె పన్ను 20,000, సెస్సుతో 20,800.

ఇదే ఆదాయాన్ని పెన్షన్ కదా అని జీతం పద్దులో కలిపి వేశారనుకోండి. 9,60,000కు 3,60,000 కలిపి 13,20,000. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే వస్తుంది, 75,000 పోతే 12,45,000. గీత 45,000 దాటింది, పన్ను 45,000, సెస్సుతో 46,800. పద్దు మారినందుకు ఇరవై ఆరు వేలు తేడా! గీత పక్కనే ఉన్నవాళ్లకు ఒక రూపాయి తగ్గింపు పోతే ఒక రూపాయి పన్ను పెరుగుతుంది, అదీ దీనిలో కిటుకు. మొదటి లెక్కలో, అంటే ఆదాయం 14,60,000 ఉన్నప్పుడు, ఇదే తప్పు చేస్తే పోయేది 3,900 మాత్రమే.

జీతం గానీ సొంత పెన్షన్ గానీ లేని ఆమెకు ఇది తిరగబడుతుంది. ఆమెకు జీతం పద్దులో వేస్తే 75,000 తగ్గుతుంది, సరైన పద్దులో వేస్తే 25,000. అందుకని కొందరు తెలిసే జీతం పద్దులో వేస్తారు. అది తప్పు, అవసరం కూడా లేని తప్పు. ఫ్యామిలీ పెన్షన్ తప్ప ఇంకే ఆదాయం లేని ఆమెకు ఏడాదికి 12,25,000 దాకా కొత్త విధానంలో పన్నే పడదు. సొంత పెన్షన్ తీసుకునే మనిషికి ఆ గీత 12,75,000. మామూలు కుటుంబాల్లో ఫ్యామిలీ పెన్షన్ ఆ దరిదాపులకు కూడా రాదు. ఆమెకు ఉన్న బాధ్యతల్లా ఒకటే. తగ్గింపు పోను ఆదాయం నాలుగు లక్షలు దాటితే పన్ను సున్నా అయినా రిటర్ను వేయాలి. గడువు దాటి వేస్తే, ఆదాయం ఐదు లక్షలకు మించి ఉంటే ఐదు వేలు, లోపుంటే వెయ్యి ఆలస్య రుసుము కట్టాలి.

సొంత పెన్షనూ, భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షనూ రెండూ వచ్చే వాళ్ల పరిస్థితి టీచరమ్మ లాంటిదే. సొంత పెన్షన్‌కు 75,000, ఫ్యామిలీ పెన్షన్‌కు 25,000, రెండు తగ్గింపులూ విడివిడిగా వస్తాయి. రెండింటినీ కలిపేసి ఒకదాన్నే వాడుకునే వాళ్లను చూస్తుంటాం. రెండూ ఒకే బ్యాంకు బ్రాంచిలో పడితే ఈ పొరపాటు ఇంకా తేలిక, ఎందుకంటే పాస్‌బుక్‌లో రెండూ పెన్షన్ పేరుతోనే కనిపిస్తాయి. పెన్షన్ ఆర్డరు మీద ఉండే పీపీవో నంబరు చూసి విడదీయాలి.

భర్త పోయిన సంవత్సరం సంగతి వేరే. ఆ ఏడాదికి రెండు రిటర్నులు ఉంటాయన్నది చాలామందికి తట్టదు. ఏప్రిల్ నుంచి చనిపోయిన రోజు దాకా వచ్చిన పెన్షన్ భర్త ఆదాయమే. అది ఆయన పాన్ కిందే, జీతం పద్దులో, ఆయనకు రావాల్సిన స్టాండర్డ్ డిడక్షన్‌తోనే లెక్కవ్వాలి. ఆ మర్నాటి నుంచి వచ్చేది భార్య ఆదాయం, ఆమె పాన్ కింద. భర్త ఆదాయం రిటర్ను వేయాల్సినంత ఉంటే గానీ, బ్యాంకు కోసిన పన్ను వెనక్కి రావాల్సి ఉంటే గానీ, ఆయన తరఫున భార్య వేయాలి. అందుకు పోర్టల్లో ముందుగా చట్టబద్ధ వారసురాలిగా నమోదు చేసుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం, ఇద్దరి పాన్ వివరాలతో పాటు వారసత్వానికి ఒక రుజువు కావాలి. తహసీల్దారు ఆఫీసు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ సరిపోతుంది, ప్రభుత్వం ఇచ్చిన ఫ్యామిలీ పెన్షన్ సర్టిఫికెట్ కూడా సరిపోతుంది. చేతిలో ఆ రెండోది ఉండి కూడా మొదటిదాని కోసం నెలల తరబడి తిరిగే వాళ్లున్నారు.

ఆ సంవత్సరంలోనే బ్యాంకు వైపు నుంచి కూడా పొరపాట్లు ఎక్కువ. పెన్షన్ ఖాతా మారినా సిస్టంలో భర్త పాన్ అలాగే ఉండిపోతుంది. లేదంటే ఫ్యామిలీ పెన్షన్‌ను మామూలు పెన్షన్ అనుకుని పన్ను కోసి, ఫారం-16 కూడా ఇచ్చేస్తారు. తనకు ఫ్యామిలీ పెన్షన్ మీద ఫారం-16 వచ్చిందంటే అదే గుర్తు, ఎక్కడో తేడా జరిగింది. కోసిన పన్ను ఎవరి పాన్ మీద జమైందో 26ఏఎస్‌లో చూడాలి. భర్త పాన్ మీద జమైతే బ్యాంకు పెన్షన్ సెల్‌కు పీపీవో కాపీ, తన పాన్ కాపీ జత చేసి, టీడీఎస్ స్టేట్‌మెంట్ సవరించమని రాతపూర్వకంగా అడగాలి. ఆమె పాన్ మీదే జమైతే కోత మొత్తాన్ని రిటర్నులో వాడుకోవచ్చు, ఆదాయాన్ని మాత్రం ఇతర మార్గాల పద్దులోనే చూపించాలి. జీతం మీద కోత ఉంది గానీ జీతం కనిపించలేదేమని పోర్టల్లో ప్రశ్న వస్తే కంగారు పడక్కర్లేదు, ఇది ఫ్యామిలీ పెన్షన్ అని జవాబిస్తూ పెన్షన్ ఆర్డరును దగ్గర పెట్టుకుంటే చాలు.

ఇంకో మాట కూడా ఇక్కడే. భర్త చేతికి నెలకు వచ్చిన దానికంటే తనకు ఎక్కువ వస్తోందని కొందరు భయపడతారు, బ్యాంకు పొరపాటున వేసిందేమో, రేపు వెనక్కి లాక్కుంటారేమో అని. రిటైరయ్యేటప్పుడు భర్త పెన్షన్‌లో కొంత భాగాన్ని కమ్యుటేషన్ కింద ముందే ఏకమొత్తంగా తీసుకుని ఉంటే, ఆయనకు నెలనెలా ఆ మేరకు తగ్గేది. ఫ్యామిలీ పెన్షన్‌లో ఆ కోత ఉండదు. ఎక్కువ రేటు నడిచే ఏళ్లలో అందుకే ఆమెకు ఎక్కువ కనిపిస్తుంది. పన్ను కూడా ఆ ఎక్కువ మొత్తం మీదే.

పెన్షన్ మంజూరు ఆలస్యమై రెండు మూడేళ్ల బకాయి ఒకేసారి పడితే, ఆ ఏడాది ఆదాయం ఉబ్బిపోయి రిబేటు గీత దాటేస్తుంది. దీనికి సెక్షన్ 89 కింద ఉపశమనం ఉంది. ఇది జీతం బకాయిలకే అనుకుంటారు గానీ, ఫ్యామిలీ పెన్షన్ బకాయిల పేరు కూడా ఆ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. బకాయి ఏ ఏడాదికి ఎంతో విడగొట్టి, ఆయా ఏళ్లలోనే వచ్చి ఉంటే ఎంత పన్ను పడేదో లెక్కేసి, ఇప్పుడు అదనంగా పడుతున్నది తగ్గిస్తారు. అందుకు ఫారం 10ఈ పోర్టల్లో నింపాలి, అదీ రిటర్ను కంటే ముందే. ముందు రిటర్ను వేసేసి తర్వాత ఫారం నింపుదామంటే ఉపశమనాన్ని కొట్టేస్తారు. బకాయి పడ్డప్పుడు బ్యాంకు ఇచ్చే డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్‌ను పారేయకండి, నెలల వారీ విడగొట్టడానికి ఉండే ఆధారం అదే.

పెన్షన్ అన్న ప్రతిదీ ఈ లెక్కలోకి రాదు. చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఉద్యోగి చనిపోయాక యజమాని ఆయన కుటుంబానికి నెలనెలా క్రమంగా ఇచ్చేదే ఫ్యామిలీ పెన్షన్. భర్త తన డబ్బుతో ఎల్‌ఐసీలో కొన్న పెన్షన్ పాలసీ నుంచి భార్యకు వచ్చేది యజమాని ఇచ్చేది కాదు. అదీ ఇతర మార్గాల ఆదాయమే గానీ దానికి 25,000 తగ్గింపు లేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇచ్చే ఎన్టీఆర్ భరోసా వితంతు పెన్షన్ ప్రభుత్వ సంక్షేమ పథకం, దానికీ దీనికీ సంబంధం లేదు. సైన్యంలోనో పారా మిలిటరీ దళాల్లోనో ఉండి, విధి నిర్వహణలో భాగంగా ఆపరేషన్‌లో చనిపోయిన వాళ్ల భార్యకు, పిల్లలకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌కు సెక్షన్ 10లోని 19వ క్లాజు కింద మొత్తంగా మినహాయింపు ఉంది. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర పొందిన వాళ్ల కుటుంబాలకూ అంతే. సర్వీసులో ఉండగా మామూలు జబ్బుతో చనిపోతే మాత్రం ఈ మినహాయింపు రాదు.

పైన చెప్పిన సెక్షన్ నంబర్లన్నీ 1961 చట్టానివి. 2025-26 రిటర్ను ఆ చట్టం కిందే వేయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. అక్కడ నంబర్లు మారాయి, ఆర్థిక సంవత్సరం, అసెస్‌మెంట్ ఇయర్ అనే రెండు పేర్ల తికమక బదులు పన్ను సంవత్సరం అనే ఒకే మాట వచ్చింది. డీడీవోకు ఇచ్చే కాగితంలో సెక్షన్ నంబరు రాయకపోయినా నష్టమేమీ లేదు, పీపీవో నంబరు, నెలకు ఎంత వస్తోంది అన్నది రాస్తే సరిపోతుంది. కరువు భత్యం పెరిగినప్పుడల్లా ఆ అంకె మారుతుంది కాబట్టి, డిసెంబర్‌లో ఒకసారి పాస్‌బుక్ చూసి కొత్త మొత్తం మళ్లీ రాసిస్తే ఫిబ్రవరి బిల్లులో సర్దేస్తారు. మన టీచరమ్మకు ఇంకో ఆరేళ్లకు 60 నిండుతాయి. అప్పటికి ఇంకా ఉద్యోగంలోనే ఉంటుంది గానీ, ఆ ఏడాది నుంచి అడ్వాన్స్ ట్యాక్స్ బాధ్యత ఆమెకు ఉండదు. ఆ కాగితం ఇవ్వకపోయినా, జూలై 31 లోపు మిగిలిన పన్ను ఒకేసారి కట్టి రిటర్ను వేసేస్తే వడ్డీ పడదు.